తెలుగు మీడియం పిల్లల ట్యూషన్ యాప్‌కి ఏ పేరు పెట్టాలి?

ప్రశ్న: "ఆరు నుంచి పది దాకా తెలుగు మీడియంలో చదివే పిల్లలకి ఆన్‌లైన్ ట్యూషన్ మొదలుపెడుతున్నాం. రెండు రాష్ట్రాల సిలబస్‌లూ ఉంటాయి. 'తెలుగు మీడియం ట్యుటోరియల్స్', 'జ్ఞానధార', 'EduTel' అని మూడు పేర్లు అనుకున్నాం. ఇంగ్లిష్ పేరైతేనే పేరెంట్స్ నమ్ముతారని మా పార్ట్‌నర్ పట్టుబడుతున్నాడు. ఏది పెట్టమంటారు? ట్రేడ్‌మార్క్ ఇప్పుడే చేయించాలా?"

జవాబు:

మూడూ వద్దండి. రోజూ నోట్లో నలిగే చిన్న తెలుగు మాట ఒకటి తీసుకోండి. మూడు, నాలుగు అక్షరాలు చాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరు టైప్ చేసినా ఒకే స్పెల్లింగ్ రావాలి. 'తెలుగు మీడియం' అన్న ముక్క పేరులో కాకుండా పేరు పక్కన పెట్టండి. ట్రేడ్‌మార్క్ సంగతికొస్తే, బోర్డులు, పాంప్లెట్లు ప్రింటింగ్‌కి ఇవ్వకముందే వేసేయండి. ముందు సెర్చ్, తర్వాత అప్లికేషన్, ఆ తర్వాతే ప్రింటింగ్.

నేను చాలా ఏళ్లు టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పాను. ఆ తర్వాత చిన్న చిన్న కోచింగ్ సెంటర్లకి, యాప్‌లకి పేర్లు, రిజిస్ట్రేషన్ పనులు చూసిపెడుతున్నాను. మీ ప్రశ్నకి ఆ రెండు అనుభవాలూ కలిపి చెప్తాను.

'తెలుగు మీడియం' పేరులో ఎందుకు వద్దంటే

మొదటి కారణం పిల్లలే. ఈ రోజు తెలుగు మీడియంలో ఉన్న పిల్లాడు వచ్చే జూన్‌లో కూడా అందులోనే ఉంటాడన్న నమ్మకం లేదు. రెండు రాష్ట్రాల సర్కారు బడుల్లోనూ ఇప్పుడు ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష ఉన్న పుస్తకాలు వచ్చేశాయి. చాలా బడుల్లో రికార్డుల్లో ఇంగ్లిష్ మీడియం అని ఉంటుంది, సారు మాత్రం తెలుగులోనే చెప్తారు, పిల్లలు తెలుగు పేజీ చూసి అర్థం చేసుకుని ఇంగ్లిష్ పేజీ చూసి పరీక్ష రాస్తారు. ఇలాంటి పిల్లలకే మీ అవసరం ఎక్కువ. మీ పేరే 'తెలుగు మీడియం ట్యుటోరియల్స్' అయితే "ఇది మాకు కాదులే" అని వాళ్లు దాటిపోతారు.

రెండోది చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ చెప్పాలి. అడ్మిషన్ కోసం ఫోన్ చేసే తల్లులు "మా అబ్బాయి తెలుగు మీడియమేనండీ" అన్న మాట గొంతు తగ్గించి చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. అందులో తప్పేమీ లేకపోయినా, చుట్టూ ఉన్నవాళ్లు వాళ్లకి అలా అలవాటు చేశారు. పిల్లాడు క్లాసు లింకు స్నేహితుడికి పంపాలన్నా, తల్లి స్టేటస్ పెట్టుకోవాలన్నా ఆ మాట అడ్డొస్తుంది. చదువు యాప్‌ల ప్రచారం ఎక్కువగా నోటి మాట మీదే నడుస్తుంది కాబట్టి, పైకి చెప్పుకోవడానికి మొహమాటపడే పేరు పెడితే ఆ ప్రచారం మొదట్లోనే ఆగిపోతుంది.

మూడోది చట్టం. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం సరుకో సేవో ఏమిటో వర్ణించే మాటలు మాత్రమే ఉన్న పేరుని రిజిస్టర్ చేయరు. 'తెలుగు మీడియం ట్యుటోరియల్స్' అంటే మీరు అమ్మేది ఏమిటో చెప్పే మాటే, అంతకుమించి అందులో ఏమీ లేదు. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వింటే జనానికి మీరే గుర్తొచ్చేలా చేసుకుంటే మినహాయింపు ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అది అక్కరకి రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు ఏజెంట్లు "పేరు రాకపోతే లోగోగా వేసేద్దాం సార్" అంటారు. లోగోగా వేస్తే వచ్చే అవకాశం ఉంది, నిజమే. కానీ మీకు దక్కే హక్కు ఆ బొమ్మ మొత్తం మీద. అందులో ఉన్న 'తెలుగు మీడియం' అన్న మాట మీద కాదు. 17వ సెక్షన్ చెప్పేది అదే. రేపు పక్క వీధిలో ఇంకొకరు 'తెలుగు మీడియం ట్యూషన్స్' అని వేరే రంగులో బోర్డు పెడితే మీ సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికే పనికొస్తుంది.

అలాగని ఆ మాటని పూర్తిగా వదిలేస్తే నష్టం. వెతికేవాళ్లు టైప్ చేసేది '10th class maths telugu medium' అనే. కాబట్టి దాని చోటు ప్లేస్టోర్ టైటిల్‌లో. టైటిల్‌కి 30 క్యారెక్టర్లు ఇస్తారు. పేరు చిన్నదైతే వర్ణన కూడా అందులోనే పట్టేస్తుంది. ఉదాహరణకి మీ పేరు 'అరుగు' అనుకోండి. `Arugu: Telugu Medium Tuition` అంటే 28 క్యారెక్టర్లు. తెలుగు లిస్టింగ్‌లో `అరుగు: తెలుగు మీడియం ట్యూషన్` అని పెట్టినా 28కే వస్తుంది. తెలుగులో లెక్క వేసేటప్పుడు ఒత్తులు, గుణింతాలు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. కంటికి మూడక్షరాలుగా కనిపించే 'విద్యార్థి' అక్కడ పది. టైటిల్‌లో 'బెస్ట్', 'నంబర్ వన్', 'ఫ్రీ' లాంటి మాటలు గూగుల్ ఒప్పుకోదు. వాటికి చోటు దాచుకోనక్కర్లేదు.

ఫోన్ తెర మీద ఐకాన్ కింద ఈ టైటిల్ రాదు, విడిగా ఇచ్చే పేరు వస్తుంది. అక్కడ పట్టేది పది, పన్నెండు అక్షరాలు. మీ మొదటి పేరు అక్కడ 'Telugu Med…' అని తెగి కనిపిస్తుంది. మందుల కొట్టు యాప్ అనుకున్నా ఆశ్చర్యం లేదు.

స్పెల్లింగ్ విషయం అన్నిటికంటే పెద్దది

'జ్ఞానధార' వినడానికి బాగుంటుంది. పిలుపు పత్రికలో అచ్చేస్తే నిండుగా ఉంటుంది. చిక్కంతా దాన్ని ఫోన్‌లో వెతకాల్సి వచ్చినప్పుడే.

నేను ఏ పేరుకైనా ఒక ఫోన్ పరీక్ష పెడతాను. టీచర్లకి, స్నేహితులకి కాదు. అచ్చంగా ఆ యాప్ వాడబోయే ఇళ్లకే. ఆరేడుగురు తల్లులకి ఫోన్ చేసి, పేరు ఒక్కసారే చెప్పి, "ఇది మీ ఫోన్‌లో టైప్ చేసి నాకు వాట్సాప్‌లో పంపండమ్మా" అంటాను. స్పెల్లింగ్ అడిగినా చెప్పను. వచ్చిన మెసేజ్‌లు పక్కపక్కన పెట్టుకుంటే అసలు సంగతి తెలిసిపోతుంది. ఇలాంటి పేరుకే ఒకసారి నాకు వచ్చిన జవాబులు చూడండి: `Gnanadhara`, `Gnana dara`, `Jnanadhara`, `Gyanadhara`, `Nyanadara`. ఒకావిడ మైకు గుర్తు నొక్కి మాట్లాడారు, తెలుగు లిపిలో పొల్లు పోకుండా వచ్చింది. మిగతావాళ్లెవరూ ఇద్దరు ఒకేలా రాయలేదు. తప్పు వాళ్లది కాదు. 'జ్ఞ' ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో తెలుగువాళ్లందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు.

చిక్కు తెచ్చే అక్షరాలు నాకు బట్టీ వచ్చేశాయి, మీరు కూడా రాసి పెట్టుకోండి. త, థ, ద, ధ ఉంటే `t`నా `th`నా, `d`నా `dh`నా అన్న తికమక ఖాయం. శ, ష, స ఉంటే `s`, `sh`. క్ష ఉంటే `ksh`, `x`. ఋ ఉంటే `ru`, `ri`. దీర్ఘం ఉంటే ఒక `a`నా రెండా అన్నది రాసేవాళ్ల ఓపికని బట్టి ఉంటుంది. చాలామంది పట్టించుకోనిది ఇంకోటి ఉంది. పేరు 'ఎ'తో గానీ 'ఒ'తో గానీ మొదలైతే మనవాళ్లు పలికేటప్పుడు ముందు 'య', 'వ' చేరుస్తారు. 'ఎక్కాలు' చాలా మంచి పేరు, లెక్కల యాప్‌కి అతికినట్టు ఉంటుంది. కానీ సగం మంది `Yekkalu` అని కొడతారు. 'ఒరవడి' కూడా అంతే, `Voravadi` అవుతుంది. పేరు మొదటి అక్షరమే మారిపోతే సెర్చ్‌లో మీరు దొరకడం కష్టం.

దీనికి విరుగుడుగా అన్ని స్పెల్లింగ్‌లకీ డొమైన్లు కొనేయమని కొందరు సలహా ఇస్తారు. డొమైన్ల వరకు అది పనిచేస్తుంది, ఏటా ఖర్చు పెట్టుకుంటే. ప్లేస్టోర్‌లో, యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో అలా కుదరదు. పైగా మీ పేరుకి దగ్గరగా ఉన్న స్పెల్లింగ్‌తో ఇంకొకరి యాప్ ఉంటే, మీరు పాంప్లెట్లు పంచి, బడుల ముందు నిలబడి చేసిన ప్రచారం వాళ్ల డౌన్‌లోడ్లు పెంచుతుంది.

'.భారత్' అని తెలుగు లిపిలో కూడా డొమైన్ తీసుకోవచ్చు. ముచ్చటకి తీసుకోండి, పోస్టరు మీద బాగుంటుంది. కానీ వెబ్ అడ్రస్ తెలుగులో కొట్టే తల్లిదండ్రులు నాకు ఇంతవరకు తగల్లేదు. పని జరిగేది `.in` మీదో `.com` మీదో.

EduTel, ఇంగ్లిష్ పేరు, మీ పార్ట్‌నర్ మాట

ఆయన మాటలో సగం నిజం ఉంది. మన ఊళ్లలో స్కూలు బోర్డు మీద 'ఈ-టెక్నో', 'కాన్సెప్ట్', 'ఒలింపియాడ్' లేకపోతే అడ్మిషన్లు రావన్న నమ్మకం బలంగా ఉంది, ఆ బోర్డులు పనిచేస్తున్నాయి కూడా. కానీ ఆ బోర్డుల వెనక ఉన్నది ఇంగ్లిష్ మీడియం ఫీజు కట్టే కుటుంబం. మీ దగ్గరికి వచ్చేది వేరే కుటుంబం. అలాంటి యాప్‌లకి వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న ఫీజు గురించి కూడా ఉండదు. "పాఠం తెలుగులోనే చెప్తారా సార్?" అనే ఉంటుంది. ఇంగ్లిష్ పేరు చూడగానే వాళ్లకి కలిగే భయం అదే. ఆ భయం పోగొట్టడానికి మీరు మళ్లీ ప్రకటనల్లో డబ్బు పోయాలి.

EduTel విషయంలో ఇంకో ఇబ్బంది. 'టెల్'తో ముగిసే పేరు వింటే మన చెవికి సిమ్‌కార్డు కంపెనీ గుర్తొస్తుంది. మా ఇంటి పక్కన పాల ప్యాకెట్లు వేసే అబ్బాయికి ఈ పేరు చెప్పి చూశాను. "కొత్త రీచార్జి ఆఫరా అన్నా?" అన్నాడు. 'ఎడ్యు'తో మొదలయ్యే పేర్లు ఇప్పటికే కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, అది కూడా వర్ణించే ముక్కే. మిగిలేది 'టెల్' ఒక్కటే. అందులో మీది అని చెప్పుకోవడానికి ఏముంది?

ఆయన్ని ఒప్పించాలంటే వాదన పెట్టుకోకండి. పైన చెప్పిన ఫోన్ పరీక్షే రెండు పేర్లతో ఆయన చేతే చేయించండి. అవతలి వాళ్లు ఏమనుకుంటున్నారో ఆయన చెవులతోనే వింటారు.

గవర్నమెంటు పథకంలా వినిపించకూడదు

ఇది విద్యారంగంలో పేరు పెట్టేవాళ్లు తరచూ ఇరుక్కునే చోటు. 'విద్య', 'బడి', 'దీక్ష', 'స్వయం' లాంటి మాటలు ఎవరికైనా ముందు తడతాయి. ప్రభుత్వాలకి కూడా అవే తట్టాయి. దీక్ష, స్వయం, పీఎం ఈ-విద్య కేంద్రం వాడుతున్న పేర్లు. టీ-శాట్‌లో 'విద్య' అని చానెలే ఉంది. తెలంగాణలో 'బడిబాట' అంటే పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం, 'తొలిమెట్టు' అంటే ప్రాథమిక తరగతుల కార్యక్రమం.

అన్నిటికంటే ఇరుకైన మాట 'మన బడి'. ఆంధ్రాలో 'మన బడి నాడు-నేడు' నడిచింది, 2024లో ప్రభుత్వం మారాక అది 'మన బడి - మన భవిష్యత్తు' అయింది. తెలంగాణలో 2022లో 'మన ఊరు - మన బడి' వచ్చింది. అమెరికాలో తెలుగు పిల్లలకి తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి వీటన్నిటికంటే పాతది. రిజల్ట్స్ చూసుకునే మనబడి వెబ్‌సైటు సంగతి టెన్త్ రాసిన ప్రతి ఇంటికీ తెలుసు. ఇన్ని ఉన్న చోట మీరు 'మన' ఏదో, 'బడి' ఏదో అని పెడితే జనం ముందు అడిగేది "ఇది గవర్నమెంటుదా? మరి డబ్బులెందుకు?" అని. పథకం పేరుకి దగ్గరగా ఉంటే పార్టీ రంగు కూడా అంటుకుంటుంది. ఎలక్షన్ తర్వాత పథకం పేరు మారిపోతుంది, మీ పేరు మాత్రం పాత రంగుతో మిగిలిపోతుంది.

చట్టం పరంగా కూడా 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం ఒకటుంది. ప్రభుత్వ ఆదరణ ఉందని అనిపించే పేర్లు, కొందరు జాతీయ నాయకుల పేర్లు వ్యాపారానికి వాడకూడదని అది చెప్తుంది. కంపెనీ పేరులో 'బోర్డు', 'నేషనల్' లాంటి మాటలు పెట్టినా అనుమతులు అడుగుతారు. ఆ దారిలోకే వెళ్లకండి.

ఒక పేరుని మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూద్దాం

మాట ఎలా ఏరాలో చూపిస్తాను. చదువు చుట్టూ ఉండే వస్తువులు, చోట్లు, పనులు ఒక కాగితం మీద రాసుకోండి. పలక, బలపం, నల్లబల్ల, అరుగు, ఎక్కాలు, గుణింతం, మెట్టు, సులువు. 'జ్ఞానం', 'ప్రగతి', 'వికాసం' లాంటి పెద్ద మాటల వైపు పోకండి. అవి ఇప్పటికే ప్రతి మండలంలో ఒక స్కూలుకి ఉంటాయి.

ఇప్పుడు కొట్టేసుకుంటూ రండి. 'పలక', 'బలపం' స్పెల్లింగ్‌కి చాలా మంచివి, కానీ ఒకటో తరగతి వాసన. తొమ్మిదో తరగతి అబ్బాయి తన ఫోన్‌లో పలక బొమ్మ పెట్టుకోవడానికి సిగ్గుపడతాడు. మీది ఆరు నుంచి పది కాబట్టి ఇవి పోతాయి. ఒకటి నుంచి ఐదు వరకైతే ముందు వీటినే చూడమనేవాణ్ని. 'గుణింతం'లో ణ, త రెండూ ఉన్నాయి. 'ఎక్కాలు' సంగతి పైన చెప్పాను, పైగా సైన్సు, సోషల్ కూడా చెప్పే యాప్‌కి అది చాలదు. 'మెట్టు' పలకడానికి బాగుంది గానీ 'తొలిమెట్టు' దగ్గరలో ఉంది. 'సులువు'లో ఇబ్బంది లేదు, కానీ అది గుణాన్ని చెప్పే మాట. ట్రేడ్‌మార్క్ ఆఫీసు వర్ణన అనొచ్చు. 'నల్లబల్ల'కి స్పెల్లింగ్ గొడవ లేదు, కాకపోతే పిల్లలు ఇప్పుడు 'బోర్డు' అంటున్నారు.

మిగిలింది 'అరుగు'. `Arugu` అని తప్ప ఇంకోలా కొట్టడం కష్టం. దీర్ఘం లేదు, ఒత్తు లేదు, త-ద గొడవ లేదు. పూర్వం ఊళ్లో పంతులుగారు పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పిన చోటు అది. అమ్మమ్మకి తెలుసు, ఇంటి ముందు అరుగు ఉన్న పల్లెటూరి పిల్లాడికీ తెలుసు. ట్యూషన్ సేవని నేరుగా వర్ణించదు, కాబట్టి 9వ సెక్షన్ అభ్యంతరానికి ఆస్కారం తక్కువ. "పాఠం బాగా అరుగుతుందా?" అని ఎవరో ఒకరు జోకు వేస్తారు. వేయనివ్వండి, గుర్తుంటుంది.

ఈ మాట మీకు ఖాయం చేసి ఇస్తున్నానని అనుకోవద్దు, సెర్చ్ చేశాకే ఏదైనా. వరస ఎలా ఉండాలో చూపించడానికి దీన్ని వాడుకుంటున్నాను.

ముందుగా ట్రేడ్‌మార్క్ ఆఫీసువాళ్ల ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ తెరవండి. అక్కడ 'వర్డ్‌మార్క్' సెర్చ్ చేసి ఊరుకోకండి, 'ఫొనెటిక్' అన్నది కూడా ఎంచుకుని చూడండి. సరుకుల్నీ సేవల్నీ ఆ ఆఫీసు క్లాసులుగా విడదీస్తుంది, మీకు కావాల్సిన క్లాసు నంబర్లు 41, 9. చదువు చెప్పే సేవ 41లోకి, డౌన్‌లోడ్ చేసుకునే యాప్ 9లోకి వస్తాయి. టెస్టు పేపర్లు, గైడ్లు అచ్చువేసి అమ్మే ఆలోచన ఉంటే 16 కూడా చూడండి. మీ పేరుకి అచ్చంగా అదే లేకపోయినా, వినడానికి దగ్గరగా ఉన్నది అదే క్లాసులో ఉంటే ఆగిపోవాలి.

వినడానికి దగ్గర అంటే ఎంత దగ్గర? దీనికి సుప్రీంకోర్టు 1962లో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ చూపిస్తారు. 'అమృత్‌ధార' అనే మందు ఉండగా 'లక్ష్మణ్‌ధార' అనే పేరు రిజిస్టర్ చేయవచ్చా అన్నది వివాదం. 'ధార' అన్నది అందరి మాటే కదా, 'అమృత్' వేరు, 'లక్ష్మణ్' వేరు కదా అన్న వాదనని కోర్టు ఒప్పుకోలేదు. కొనేవాడు పేరుని ముక్కలు చేసి అర్థాలు చూసుకోడు, సగం సగం గుర్తుతో మొత్తంగా విన్న మాట పట్టుకుని కొంటాడు, పల్లెటూరి మనిషి పొరపడతాడు అన్నది. అవతలివాళ్లు చాలా కాలం చూస్తూ ఊరుకున్నారు కాబట్టి రెండో పేరుని చివరికి ఒక్క ఉత్తరప్రదేశ్‌కే పరిమితం చేసి ఉండనిచ్చారు. మీ 'జ్ఞానధార'ని ఈ తీర్పు పక్కన పెట్టి చూడండి. ఏదో ఒక 'ధార' చదువు రంగంలో ముందే ఉంటే మీకు తలనొప్పి. 'ముందు మాట వేరే కదా' అన్న ధైర్యం సరిపోదు.

సెర్చ్ శుభ్రంగా వస్తే అప్లికేషన్. ఫారం పేరు టీఎం-ఏ. ఆన్‌లైన్‌లో వేస్తే సొంత పేరు మీద గానీ, గుర్తింపు ఉన్న స్టార్టప్‌గా, చిన్న సంస్థగా గానీ ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు. మిగతా కంపెనీలకి 9,000. మీకు రెండు క్లాసులు కాబట్టి తక్కువ రేటు వర్తిస్తే మొత్తం 9,000 ప్రభుత్వ ఫీజు, ఏజెంటు ఫీజు వేరే. లోగోగా కాకుండా ముందు మామూలు అక్షరాల్లో వర్డ్‌మార్క్‌గా వేయండి. లోగో రంగు, అక్షరాల తీరు రేపు మార్చుకున్నా హక్కు పోదు. తెలుగు లిపిలో వేస్తే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసి ఇవ్వాలి. డబ్బు ఒకదానికే ఉంటే నేనైతే `ARUGU` అని ఇంగ్లిష్ అక్షరాల్లో వేస్తాను. పోలిక చూసేటప్పుడు చెవికి ఎలా వినిపిస్తుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి తెలుగులో రాసి కాపీ కొట్టినవాళ్లని కూడా అడ్డుకునే దారి ఉంటుంది.

అప్లికేషన్ వేసిన రోజు నుంచి పేరు పక్కన ™ పెట్టుకోవచ్చు. ® మాత్రం సర్టిఫికెట్ చేతికొచ్చాకే, ముందే పెడితే అది నేరం. ఆఫీసు అభ్యంతరం చెప్తూ రిపోర్టు పంపితే అది అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏజెంటు చూసుకుంటాడులే అని వదిలేసి ఈ గడువు దాటించుకున్నవాళ్లని చూశాను, అప్లికేషన్ వదిలేసినట్టు రాసేస్తారు. జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అదీ దాటితే పదేళ్లపాటు చెల్లే రిజిస్ట్రేషన్ వస్తుంది, తర్వాత రెన్యువల్.

కంపెనీ రిజిస్ట్రేషన్‌లో పేరు ఓకే అయింది కదా అని ధీమాగా ఉండకండి. డొమైన్ దొరికినా అంతే. ఆ రెండూ ట్రేడ్‌మార్క్ హక్కు ఇవ్వవు. ఇద్దరి మధ్య తగువు వస్తే ముందు నుంచి వాడుతున్నది ఎవరన్నది కూడా చూస్తారు. అందుకే మొదటి ఫీజు రసీదు, మొదటి పాంప్లెట్, యాప్ మొదటిసారి పెట్టిన రోజు స్క్రీన్‌షాట్ తేదీలతో సహా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఎస్సెమ్మెస్, యూపీఐ దగ్గర పేరు

ఇవి చివర్లో గుర్తొస్తాయి, అప్పటికి ఆలస్యం అయిపోతుంది. తల్లిదండ్రులకి క్లాసు టైం, ఫీజు గుర్తుచేసే ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ పోర్టల్‌లో మీ సంస్థనీ, పంపేవారి పేరుగా కనిపించే ఆరు ఇంగ్లిష్ అక్షరాల హెడర్‌నీ రిజిస్టర్ చేయించాలి. ఆ హెడర్‌కి మీ పేరుతో సంబంధం కనిపించాలి. 'తెలుగు మీడియం ట్యుటోరియల్స్'ని ఆరక్షరాల్లోకి కుదిస్తే `TLMDTR` లాంటిది వస్తుంది, అది ఎవరికీ అర్థం కాదు. తెలుగులో మెసేజ్ పంపితే ఒక ఎస్సెమ్మెస్‌కి 70 క్యారెక్టర్లే, ఇంగ్లిష్‌లో 160. ఆ 70లో 27 మీ పేరుకే పోతే ఇక చెప్పేదేముంటుంది? ప్రతి మెసేజూ రెండుగా లెక్కేసి రెండింతలు బిల్లు వేస్తారు.

యూపీఐలో ఫీజు కట్టేటప్పుడు తెర మీద వచ్చేది తరచూ బ్యాంకులో ఉన్న పేరు. యాప్ పేరు ఒకటి, అక్కడ కనిపించే కంపెనీ పేరు ఇంకోటి అయితే తల్లి అక్కడే ఆగిపోయి "ఇది మోసమా?" అని ఫోన్ చేస్తుంది. నాకు తెలిసిన ఒక చిన్న సంస్థలో ఫీజు గురించి వచ్చే ఫోన్లలో చాలావరకు ఇవే ఉండేవి. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడే, పేమెంట్ గేట్‌వే వాళ్లకి వివరాలు ఇచ్చేటప్పుడే మీ యాప్ పేరు కనిపించేలా అడగండి. అది కుదరకపోతే ఫీజు పేజీలో "చెల్లించేటప్పుడు ఫలానా పేరు కనిపిస్తుంది" అని పెద్ద అక్షరాల్లో రాయండి.

ప్లేస్టోర్‌లో యాప్ టైటిల్ తర్వాతైనా మార్చుకోవచ్చు గానీ లోపల ఉండే ప్యాకేజీ పేరు ఒకసారి పబ్లిష్ చేశాక మారదు. మీ డెవలపర్ ఇప్పటికే `com.edutel.app` అని పెట్టేసి ఉంటే, పేరు తేలే వరకు అప్‌లోడ్ చేయొద్దని ఈ రోజే చెప్పండి. లింకు పంచిన ప్రతిసారీ ఆ పాత పేరు అందులో కనిపిస్తూనే ఉంటుంది.

ఫోన్ పరీక్షకి కనీసం మూడు చోట్ల వాళ్లని ఎంచుకోండి: శ్రీకాకుళం వైపు ఒకరిద్దరు, రాయలసీమ నుంచి ఒకరిద్దరు, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఒకరిద్దరు. ఒక ప్రాంతంలో మామూలు మాట ఇంకో ప్రాంతంలో తిట్టో వెటకారమో అయ్యే అవకాశం ఉంటుంది, అది మనకి పుస్తకాల్లో దొరకదు. మీ ఫోన్ పరీక్షలో వచ్చిన స్పెల్లింగ్‌లు ఇక్కడ పెడితే చూసి చెప్తాను. ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ వేసేదాకా ఎంచుకున్న పేరు మాత్రం పబ్లిక్‌గా రాయకండి.